ఆఖరి నాలుగు నిమిషాల్లో తమ్ముడి సంగతి చెప్పాలా?

డాక్టరుగారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న టౌను. డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. రెండేళ్ళ కిందట మా తమ్ముడికి బైకు యాక్సిడెంట్ అయింది. హైదరాబాదులో వెంటిలేటర్ మీద పెట్టారు, చివరికి బ్రెయిన్ డెడ్ అన్నారు. నాన్న సంతకం పెట్టారు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. లివరు, రెండు కిడ్నీలు, కళ్ళు ఇచ్చాం. ఇప్పుడు ఆగస్టు 3న అవయవదానం మీద పన్నెండు నిమిషాలు మాట్లాడమని మా ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు అడిగారు. మొదటి ఎనిమిది నిమిషాలు రాసుకున్నాను. ఆఖరి నాలుగు నిమిషాల్లో అపోహలకు జవాబులు చెప్పి, నా తరఫున ఒక విన్నపం చేసి ముగించాలి. అపోహలు ఇరవైదాకా పోగేశాను. తీరా చూస్తే అందులో సగం మా ఇంట్లోవే. అమ్మ ఇప్పటికీ అర్ధరాత్రి లేచి "వాడి గుండె కొట్టుకుంటూనే ఉంది కదే, వేలు కూడా కదిలింది" అంటుంది. బిల్లులో చివరి రోజుది వేయలేదని తెలిసి మా మేనమామ, మాకు లక్షలు ముట్టాయని ఊరంతా చెప్పాడు. ఇంటి సంగతి మైకులో ఎందుకని మావారు. అమ్మ ఆ రోజు ముందు వరసలోనే కూర్చుంటుంది. తమ్ముడి గురించి చెప్పాలా, మానాలా? చెబితే ఎలా చెప్పాలి?
— ఒక అక్క

అమ్మా, మీ ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మగారి ప్రశ్న తీసుకుంటాను. దానికి జవాబు ఇంట్లో దొరక్కపోతే స్టేజీ మీద కూడా దొరకదు. నేను మత్తు డాక్టర్ని. ఐసీయూల్లో చాలా ఏళ్ళు పనిచేశాను, బ్రెయిన్ డెత్ నిర్ధారించే బోర్డుల్లో కూర్చున్నాను. కాబట్టి ఆ తలుపు లోపల ఏం జరుగుతుందో చెప్పగలను.

గుండె కొట్టుకోవడానికి మెదడు అనుమతి అక్కర్లేదు. కొట్టుకోమని చెప్పే చిన్న కణజాలం గుండెలోనే ఉంటుంది. ఆక్సిజన్ అందుతున్నంతసేపూ అది తన పని తను చేసుకుపోతుంది. ఊపిరి అలా కాదు. ఊపిరి తీసుకోమని చెప్పేది మెదడు అడుగుభాగం, బ్రెయిన్‌స్టెమ్ అంటాం. తలకు పెద్ద దెబ్బ తగిలి లోపల వాపొస్తే, పుర్రె సాగదు కనుక ఒత్తిడి పెరిగిపోతుంది. పెరిగి పెరిగి మెదడులోకి రక్తం వెళ్ళడం ఆగిపోతుంది. అప్పుడు బ్రెయిన్‌స్టెమ్ చచ్చిపోతుంది. మామూలుగా అయితే అదే నిమిషాల్లో ఊపిరి ఆగి, వెంటనే గుండె కూడా ఆగిపోయేది. వెంటిలేటర్ గాలి కొడుతుంది, బీపీ పడిపోకుండా మందులు ఎక్కుతుంటాయి, అందుకని గుండె ఇంకొంతకాలం నడుస్తుంది. మీ అమ్మగారు చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి వెచ్చగా ఉంది, మానిటర్ మీద గీత లేస్తోంది. ఆవిడ చూసింది అబద్ధం కాదు.

వేలు కదలడం కూడా అబద్ధం కాకపోవచ్చు. వెన్నుపాము మెదడుకు వేరుగా కొన్ని కదలికలు పుట్టించగలదు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళలో కాలివేళ్ళు ముడుచుకోవడం, అరుదుగా చెయ్యి లేవడం కూడా ఉంటుంది. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరడం లాంటిదే ఇది. ఈ సంగతి ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు, చెప్పినా ఆ హడావుడిలో ఎవరికీ చెవికెక్కదు. చెప్పనిచోట అనుమానం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

సరే, చనిపోయాడని మేం ఎలా తేలుస్తాం? నలుగురు డాక్టర్లు కావాలి. ఆసుపత్రి బాధ్యుడు, చికిత్స చేస్తున్న డాక్టరు, ఒక న్యూరో డాక్టరు, ప్రభుత్వం ఒప్పుకున్న జాబితాలోంచి ఇంకొక స్పెషలిస్టు. అవయవాలు మార్చే టీములోని డాక్టరు ఈ నలుగురిలో ఉండకూడదు. పరీక్షకు ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నిద్రమందులు, మత్తుమందులు ఇంకా ఒంట్లో ఉన్నాయా, ఒళ్ళు చల్లబడిపోయిందా, రక్తంలో లవణాలు బాగా తారుమారయ్యాయా అని చూస్తాం. వీటిలో ఏది ఉన్నా మెదడు బతికుండి కూడా చచ్చినట్టు కనిపించవచ్చు. అందుకని అవి సరయ్యేదాకా పరీక్ష మొదలుపెట్టం.

తర్వాత కంట్లోకి లైటు వేస్తాం, కంటిపాప చిన్నదవదు. కనుగుడ్డును దూదిపోగుతో తాకుతాం, రెప్ప పడదు. చెవిలోకి ఐసునీళ్ళు పోస్తాం. బతికున్న మెదడైతే, కోమాలో ఉన్నా సరే, కళ్ళు ఒకవైపు మెల్లగా తిరుగుతాయి. ఇక్కడ తిరగవు. గొంతులోకి గొట్టం పోనిస్తే దగ్గు రాదు. చివరిది ఆప్నియా టెస్టు. వెంటిలేటర్ తీసేసి, ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టంతో ఆక్సిజన్ మాత్రం వదులుతాం. మామూలుగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గర ఉంటుంది. ఊపిరి లేకపోతే అది పెరుగుతుంది. 60 దాటిందంటే, బ్రెయిన్‌స్టెమ్‌లో ఏ కొంచెం ప్రాణం మిగిలున్నా ఛాతీ లేవకుండా ఉండదు. మేం ఛాతీ మీది గుడ్డ తీసేసి, మంచం పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూస్తాం. ఆ ఎనిమిది, పది నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడరు. ఇంత చేసినా ఒక్కసారితో సరిపోదు. కనీసం ఆరు గంటల తర్వాత మొత్తం పరీక్షలు మళ్ళీ మొదటినుంచి చేయాలి. అప్పటికీ ఛాతీ లేవకపోతేనే నలుగురూ సంతకం పెడతారు. అవయవాలు తీసుకునే ఆపరేషన్‌కు వెళ్ళేసరికి చట్టం ప్రకారం, వైద్యం ప్రకారం ఆ మనిషి చనిపోయి ఉన్నాడు.

మీ దగ్గర ఆసుపత్రి ఫైలు ఉంటే తీయండి. ఆ నలుగురి సంతకాలున్న ఫారం అందులో లేకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగానికి నాన్నగారి పేరుతో అర్జీ పెట్టి నకలు అడగండి. అందులో ప్రతి పరీక్షకూ రెండు గళ్ళు ఉంటాయి, మొదటి విడత, రెండో విడత, తేదీ, టైము. ఉదాహరణకు మొదటి విడత ఉదయం పదకొండింటికి, రెండోది సాయంత్రం ఆరుకు అని ఉందనుకోండి. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్ళిన టైము దాని తర్వాతే ఉంటుంది. ఆ మూడు టైములూ వరసగా అమ్మకు వేలుపెట్టి చూపించండి. మాటతో పోని అనుమానం ఒక్కోసారి కాగితం మీది టైముతో పోతుంది. పోకపోవచ్చు కూడా. ఆవిడ అడిగేది వైద్యం గురించే అయితే కాగితం చాలు. "నా కొడుకును నేను సాగనంపలేదు" అన్న బాధ ఆ రూపంలో బయటికొస్తుంటే ఏ కాగితమూ సరిపోదు. అప్పుడు వాదించకండి, పక్కన కూర్చోండి చాలు. ఈ రెండింటిలో ఏదో కూతురిగా మీకే తెలుస్తుంది.

ఈ పని మాత్రం ఆగస్టు 3కు ముందే కావాలి. తన మనసులోని అనుమానానికి కూతురు మైకులో జవాబు చెబుతుంటే మొదటిసారి నలుగురిలో వినే పరిస్థితి ఆవిడకు రాకూడదు. నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. మిగతాదంతా మీ ఇష్టం.

ఇప్పుడు ప్రసంగం. స్టేజీ మీద తాపీగా మాట్లాడితే నాలుగు నిమిషాల్లో పట్టేది మహా అయితే నాలుగు వందల మాటలు. ఇరవై అపోహలు చదివితే ఒక్కోదానికి పన్నెండు సెకన్లు రావు. పైగా "అపోహ నంబర్ ఒకటి: అవయవదాత కార్డు ఉంటే డాక్టర్లు బతికించరు" అని స్లైడు మీద పెద్దక్షరాలతో వేస్తే, వెనక వరస పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళేది ఆ వాక్యాన్నే. అందుకని నిజాన్ని ముందు చెప్పండి, అపోహను దాని వెనక నీడలా ఉండనివ్వండి. కార్డు సంగతి ఇలా చెప్పొచ్చు: "బతికించే డాక్టర్లు వేరు, అవయవాలు మార్చే డాక్టర్లు వేరు. మనిషి చనిపోయాడని తేలాకే దానం మాట ఇంటివాళ్ళ దగ్గర ఎత్తుతారు." ఇందులో అపోహను ఎక్కడా పలకలేదు. జవాబు మాత్రం అందింది.

ఇరవైలోంచి రెండే తీసుకోండి. ఒకటి చనిపోయాడా లేదా అన్నది. రెండోది డబ్బు. మతం గురించి ఎవరైనా అడిగితే చెప్పండి, మీరుగా ఎత్తొద్దు. ఇలాంటి సభల్లో శిబి, దధీచి, కన్నప్ప రాకుండా ఉండరు. నాకు వాళ్ళంటే భక్తే, కానీ భయపడుతున్నవాడికి కథ ధైర్యమివ్వదు. ఈ జన్మలో కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారని ఎవరైనా అంటే, చితి మీద పెడితే ఆ కళ్ళు ఆ సాయంత్రానికే కాలిపోతాయి కదా అని నేను జవాబు చెబుతుంటాను. మీ అమ్మగారు ముందు వరసలో ఉంటారు కనుక మీరు ఈ మాట అనొద్దు.

డబ్బు విషయంలో మీ మేనమామగారి పుకారుకు మూలం మీ ఉత్తరంలోనే ఉంది. అవయవదానానికి ఒప్పుకున్న తర్వాత ఆ అవయవాలను కాపాడటానికి, తీయటానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదు. అంతకుముందు రోజుల చికిత్స బిల్లు మాత్రం మామూలుగా కట్టాల్సిందే. మీకు చివరి రోజుది వేయకపోవడం అందుకే. బయటివాళ్ళకు అది "బిల్లు మాఫీ చేశారట" అని చేరుతుంది. ఆ మాఫీయే రెండో ఇంటికి వెళ్ళేసరికి లక్షలవుతుంది. స్టేజీ మీద మేనమామగారిని తలవకుండా ఈ లెక్కను రెండు వాక్యాల్లో చెప్పేయండి. అవయవం అమ్మినా కొన్నా జైలేనని 1994 చట్టం చెబుతోందని కలపండి. ఎవరికి ఏ అవయవం వెళ్ళాలో ఆసుపత్రి తన ఇష్టానికి తేల్చుకోదని, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితా ప్రకారం వెళుతుందని కూడా చెప్పండి.

విన్నపం దగ్గరికి వద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, తమ్ముడి కథ పూర్తిగా చెప్పడం. హాలంతా వింటుంది, అనుమానం లేదు. కానీ ఆ కథ మీ ఒక్కరిది కాదు. రాసుకున్న వాక్యాలను అమ్మకు, నాన్నకు ముందే చదివి వినిపించండి. "తమ్ముడి గురించి చెప్పనా?" అని గుండుగుత్తగా అడిగితే సరేననేస్తారు, తీరా ఆ వాక్యం విన్నాక కుమిలిపోతారు. ఏ వాక్యం దగ్గర ఆవిడ ముఖం మారిందో చూసి దాన్ని కొట్టేయండి. అర్ధరాత్రి మాటలు మాత్రం ఆవిడ ఒప్పుకున్నా చెప్పొద్దు. చిన్న టౌనులో ఆ మాట ఆవిడ వెంట చాలాకాలం తిరుగుతుంది. కథ చెబితే ఇంకో జాగ్రత్త ఉంది. అవయవాలు అందుకున్నవాళ్ళ ఊరు, వయసు ఎక్కడైనా మీ చెవిన పడి ఉంటే బయటపెట్టకండి. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఒకరికొకరు తెలియకుండా ఉంచడంలో ఇద్దరికీ క్షేమం ఉంది.

రెండోది, తమ్ముడి పేరెత్తకుండా ఒక్క వాక్యంలో సరిపెట్టడం. "మా ఇంట్లో ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సినవాడు మాట్లాడే స్థితిలో లేడు. మేమే చెప్పాల్సి వచ్చింది." అంతే. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళకు అక్కర్లేదు. అమ్మ ప్రస్తావన లేదు, నాన్న సంతకం ప్రస్తావన లేదు. మీవారి అభ్యంతరమూ దీంతో చాలావరకు తీరుతుందనుకుంటాను. ఇబ్బంది ఒకటే, ఆ వాక్యం దగ్గర మీ గొంతు పట్టేయొచ్చు. ఇంట్లో పైకి చదివి చూసుకోండి. చదివిన ప్రతిసారీ ఆగిపోతుంటే ఈ దారి ఈ ఏడాదికి కాదు.

మూడోది, మీ గురించి మాత్రమే చెప్పడం. "నాకేమైనా అయితే నావి ఇచ్చేయమని మావారికి చెప్పాను" అనాలంటే అప్పటికి నిజంగా చెప్పి ఉండాలి సుమా. ఇందులో కన్నీళ్ళు తక్కువ, మాట బలమూ కొంచెం తగ్గుతుంది. కానీ హాల్లో ప్రతివాళ్ళూ ఆ రాత్రే చేయగలిగిన పనిని మీరు చేసి చూపించినట్టవుతుంది. నన్నడిగితే రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపి ముగిస్తాను. మీ అమ్మగారు మనస్ఫూర్తిగా చెప్పమంటే మొదటిది కూడా తప్పేమీ కాదు.

ఏ దారిలో వెళ్ళినా అడిగేది ఒక్కటే ఉండాలి. చాలామంది చివర్లో "అందరూ చేతులెత్తండి, ప్రతిజ్ఞ చేద్దాం" అంటారు. చేతులు లేస్తాయి, ఇంట్లో ఎవరికీ తెలియదు. మన దగ్గర కార్డున్నా, ఆన్‌లైన్‌లో పేరున్నా, ఆ రోజు డాక్టర్లు అడిగేది ఇంటివాళ్ళనే. వాళ్ళు వద్దంటే ఆగిపోతుంది. అందుకని రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో ఇద్దరికి చెప్పమని అడగండి. పద్దెనిమిది నిండినవాళ్ళు ఆ తర్వాత notto.abdm.gov.in లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోవచ్చు. సందేహాలకు 1800-11-4770 ఉంది, డబ్బులు పడవు.

ఇంకో నిజం కూడా వాళ్ళకు తెలియాలి, ఉపన్యాసాల్లో ఇది తరచు జారిపోతుంది. ఇంట్లో చనిపోయినవాళ్ళ కిడ్నీలు, లివరు తీసుకోవడం కుదరదు. గుండె ఆగిన కొద్దిసేపటికే అవి పాడైపోతాయి. మన దేశంలో దాదాపు ఎప్పుడూ, బ్రెయిన్ డెత్ ఐసీయూలో వెంటిలేటర్ మీద నిర్ధారణ అయినప్పుడే అవి తీసుకుంటారు. కళ్ళు మాత్రం ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు. ఐ బ్యాంకుకు ఫోన్ చేసి, ఫ్యాను ఆపి, రెప్పలు మూసి తడిదూది పెట్టి, తల కింద దిండు వేసి ఉంచితే వాళ్ళే ఇంటికొస్తారు. షుగరున్నా, కళ్ళజోడున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫర్వాలేదు. తాతలు, అమ్మమ్మలు ఉన్న ఇళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు నిజంగా పనికొచ్చేది ఇదే.

ముగింపు ఎలా ఉండొచ్చో రాసి పంపుతున్నాను. మీ మాటల్లోకి మార్చుకోండి.

"మనిషి చనిపోయాడని నలుగురు డాక్టర్లు, ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి సంతకం పెడతారు. వెంటిలేటర్ తీసి, ఒక్క ఊపిరైనా తనంతట తను తీసుకుంటాడా అని ఎదురుచూస్తారు. తీసుకుంటే అక్కడితో ఆపేసి చికిత్స కొనసాగిస్తారు. రెండుసార్లూ తీసుకోకపోతేనే ఇంటివాళ్ళ దగ్గరికొచ్చి అడుగుతారు. ఇస్తామంటే అక్కణ్ణుంచి అయ్యే ఖర్చు వాళ్ళ మీద పడదు, వాళ్ళకు ఒక్క రూపాయి కూడా రాదు. మా ఇంట్లో ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సినవాడు మాట్లాడే స్థితిలో లేడు. మేమే చెప్పాల్సి వచ్చింది. నా జవాబు నేనే చెప్పుకోవాలని మొన్న మావారికి చెప్పేశాను. మీరు కూడా మీ జవాబు ఈ రాత్రి ఇంట్లో ఇద్దరికి చెప్పండి. ఇస్తాననైనా చెప్పండి, ఇవ్వననైనా చెప్పండి. తెలిసి ఉంటే వాళ్ళకు ఆ రోజు కొంచెం తేలికవుతుంది."

"ఇవ్వననైనా" అన్న మాట తీసేయొద్దు. ఆ ఒక్క మాటతో వినేవాళ్ళకు ఇది బలవంతం కాదని అర్థమవుతుంది. ముందు వరసలో కూర్చున్న మీ అమ్మగారికి కూడా, ఆ రోజు తను ఏమీ అనకపోవడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదని తెలుస్తుంది.

ముగిశాక ప్రశ్నలకు టైమిస్తే ఎవరో ఒకరు లేచి "మీకెంత ముట్టింది మేడమ్?" అని అడిగే అవకాశం ఉంది. కోపం రానివ్వకండి. ఆసుపత్రి బిల్లు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. "ఇదిగో, ఈ తేదీ వరకు మేం కట్టిన బిల్లు. ఈ తేదీ తర్వాతది మా మీద వేయలేదు, వేయకూడదని నిబంధన" అని చూపించి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోండి.